లాల్చీపై నెహ్రూ జాకెట్టు



ముప్పదియైదేండ్లు పిల్లలచేత శబ్దములు వల్లె వేయించిన బడిపంతులునకు దర్జీపనితో నేమి సంబంధమని మీరడుగవచ్చును. ఆ సంబంధము నాకు నా షష్టిపూర్తి సందర్భమున కలిగినది. అంతకు ముందు జరిగిన రెండు సంగతులు నన్నీ విషయమును తెలిసికొనునట్లు చేసినవి. వానిని గూర్చియే నేడు ముచ్చటించెదను.

ముందుగా పేరునుగూర్చి ఒక మాట. తెలుగుటిండ్లలో జాకెట్టనగా ఆడువారి రవిక. మా పెద్దకుమారుడు "నాన్నగారూ, పెండ్లికి మీకు జాకెట్టు కొని తెచ్చాను" అని చెప్పినప్పుడు వంటయింటిలోనున్న నా భార్య గరిటె చేతబట్టుకొనియే వచ్చి తొంగిచూచినది. ఆమె తప్పు కాదు. పల్లెలలో దీనిని నెహ్రూకోటనియు, చేతులులేని కోటనియు అందురు. నేనును అట్లే అనుచుందును గాని, అంగళ్లలో అడుగవలసిన పేరు నెహ్రూ జాకెట్టే. 2014 తరువాత కొన్ని అంగళ్లవారు మోదీ జాకెట్టని కూడ పిలుచుచున్నారు. వస్తువు ఒక్కటియే.

ఇందులో మరియొక చిక్కు కలదు. జవహర్లాల్ నెహ్రూగారు పెద్దసభలలో ధరించి, గులాబీపువ్వు గ్రుచ్చుకొనునది అచ్కన్ అను నిడుపాటి కోటు. దానికి నిండుచేతులుండును; అది మోకాళ్లవరకు వచ్చును. మనము నేడు ఆయన పేర పిలుచునది చేతులు లేనిది, నడుము దాటి జానెడు దిగునది. ఉత్తరదేశమున దీనిని సద్రీ యనియు, బండీ యనియు సామాన్యులు ఆయనకు ముందునుండియు తొడుగుచుండిరి. విదేశములవారు 1960 తరువాతి సంవత్సరములలో ఆ అచ్కన్‌నే కురుచజేసి, చేతులుంచి, నెహ్రూ జాకెట్టని పేరుపెట్టిరి. కనుక అక్కడివారికిని ఇక్కడివారికిని పేరొక్కటి, వస్త్రములు రెండు. అన్నిటియందును సామాన్యముగా నుండునది మెడచుట్టు నిలిచియుండు పట్టీ. అది మడతపడదు, రెండుకొనలును కంఠమువద్ద కలిసికొనును గాని ఒకదానిపై నొకటి ఎక్కదు.

ఇక నా కథ. మా అన్నగారి మనుమరాలి వివాహము శ్రావణమాసమున జరిగినది. అంతకు వారము దినములకు ముందు మా కుమారుడు పట్టణమున ఒక అంగడిలో నాకును, ఎనిమిదేండ్ల మనుమనికిని ఒకే గుడ్డతో కుట్టిన రెండు జాకెట్లు కొనినాడు. మీగడరంగు, తళతళ మెరయు గుడ్డ. అంగడివాడు పట్టు అని చెప్పినాడట. నా చొక్కా కొలత 38 అని మా వాడు చెప్పగా, 38 అంకెగల జాకెట్టు ఇచ్చినాడు. అంకె సరియైనదే. కాని నేను దానిని తొడుగునది ఒంటిమీద కాదు, లాల్చీమీద. లాల్చీ అనునది వదులుగా నుండవలసిన బట్ట. ఆ వదులంతయు జాకెట్టు లోపల ఎక్కడికో పోవలసినదే కదా. అది చంకలలో ముద్దకట్టినది, వీపున మడతలు పడినది. భోజనమునకు బంతిలో చాపమీద బాసికపట్టు వేసి కూర్చుండగనే జాకెట్టు అంచు తొడలకు తగిలి పైకి లేచినది. దానితో మెడపట్టీ చెవులదాక వచ్చినది. వడ్డించువాడు పప్పు వడ్డించుటయు, నా పొట్టమీది గుండీ తెగి ఆ పప్పులో పడుటయు ఒకేసారి జరిగినవి. ఆ బంతిలోని వారందరు నా పూర్వశిష్యులే. ఎవ్వరును నవ్వలేదు; అదియే నాకు మరింత సిగ్గు కలిగించినది.

ఆశీర్వచనమునాటి అక్షతలు తడిగా నుండుటచేత పసుపుచుక్కలు రెండు భుజములమీదను పడినవి. ఇంటికి వచ్చిన తరువాత నా భార్య సబ్బు పెట్టి రుద్దినది. పసుపుచుక్కలు ఎఱ్ఱనైనవి. పసుపునకు సున్నము తగిలిన పారాణి యగును గదా. సబ్బులోని క్షారమునకును అదే గుణము. ఆరిన పిమ్మట ఇస్త్రీ చేయగా రొమ్ముభాగమున బొబ్బలు లేచినవి. ఏలయనగా, జాకెట్టు నిటారుగా నిలుచుటకై పైగుడ్డకును అస్తరునకును నడుమ ఒక గట్టిగుడ్డ పెట్టుదురు. కొందరు దానిని దారముతో కుట్టుదురు, కొందరు జిగురుగుడ్డ పెట్టి వేడితో అంటింతురు. జిగురు నాసిదైనచో నీటికిని వేడికిని అక్కడక్కడ ఊడి, ఊడినచోట బొబ్బగా లేచును. కొనునప్పుడే దీనిని కనిపెట్టవచ్చును. క్రింది రెండు గుండీల నడుమ పైగుడ్డను ఒక చేతివ్రేళ్లతోను, లోపలి అస్తరును మరియొక చేతివ్రేళ్లతోను పట్టి మెల్లగా విడదీయవలయును. నడుమ మూడవగుడ్డ విడిగా కదలుచున్నట్లు తోచినచో అది కుట్టినది. పైగుడ్డకే అంటుకొని మందముగా వచ్చుచున్నచో అది అంటించినది.

ఇది నా సిగ్గునకు సంబంధించినది మాత్రమే. రెండవ సంగతి అట్టిది కాదు.

ఆ సంవత్సరము దీపావళినాటి రాత్రి మనుమడు ఆ మీగడరంగు జాకెట్టే తొడిగికొని చిచ్చుబుడ్డి వెలిగించినాడు. రవ్వ యొకటి వాని ప్రక్కటెముకలమీద పడినది. నూలుబట్టమీద రవ్వ పడినచో చిల్లుపడి నుసియగును, దులిపిన రాలిపోవును. ఇది అట్లు కాలేదు. గుడ్డ లక్కవలె కరగి, లోపలి అస్తరును కరగించి, రెండును కలిసి ముద్దయై లాల్చీమీద అంటుకొన్నవి. లాల్చీ నూలుదగుటచేత అంతటితో ఆగినది. అయినను ఆ వేడికి రూపాయిబిళ్లంత చోట చర్మము కమిలి, పుండై, మచ్చపడినది. నేను ప్రక్కనే పీటమీద కూర్చుండి చూచుచుంటిని. లోపల నూలులాల్చీ లేకున్నచో ఏమగునో ఆ రాత్రి నాకు నిద్రపట్టనీయలేదు.

మరునాటి ఉదయమున ఆ జాకెట్టు లోపలి కుట్టునుండి నాలుగు పోగులు లాగి, దీపమువద్ద పట్టితిని. ఈ పరీక్ష మీలో చేనేతపని తెలిసినవారికి క్రొత్తది కాదు. పోగులను పట్టకారుతో పట్టి, ఇత్తడిపళ్లెముపై నుంచి, మంటకు చూపవలయును. నూలు పోగు వెంటనే అంటుకొని, కాలిన కాగితపు వాసన వచ్చి, మెత్తని బూడిదయగును. పట్టు పోగు మంటకు వెనుదీయుచు మెల్లగా కాలి, వెండ్రుక కాలిన వాసన వచ్చి, వ్రేళ్లతో నలిపిన పొడియగు నల్లని గింజను మిగుల్చును. పాలియెస్టరు పోగు కాలుటకు ముందే కరగి బొట్టుగా దిగి, చల్లారిన తరువాత గోటికి లొంగని గట్టి పూసయగును. మా జాకెట్టు పోగు పూసయే యైనది. పైగుడ్డను మాత్రమే చూచి ఊరకుండరాదు. పైన మంచి పట్టు వేసి, లోపల పాలియెస్టరు అస్తరు వేయుట బజారులో సర్వసాధారణము. అందుచేత అస్తరు పోగును కూడ పరీక్షింపవలయును. పట్టు అస్తరు, నూలు అస్తరు కోరిన కొంచెము ధర ఎక్కువ పలుకును, అంతే.

ఏ గుడ్డయైనను నిప్పువద్ద చుట్టములాడరాదు, నిజమే. వదులుగా వ్రేలాడు నూలుబట్ట కూడ అంటుకొనును. బాణసంచా కాల్చునప్పుడు జాకెట్టు విప్పి, ఒంటికి పట్టియుండు నూలుచొక్కాతో నుండుటయే మేలు.

తరువాతి వైశాఖమున నా షష్టిపూర్తి వచ్చినది. కుమారుడు మరల అంగడికి పోబోగా నేను వలదంటిని. మా ఊరి దర్జీచేత కుట్టించెదనని చెప్పితిని. ఈ మాట మా అన్నగారి చెవినిబడినది. ఆయనకు డెబ్బదియైదేండ్లు; మా ఇంటి ఆచారములకు కావలివారు. కబురంపి పిలిపించి, "ఏమిరా, హోమం దగ్గర కుట్టిన గుడ్డ వేసుకొని కూర్చుంటావా? నువ్వు చదివిన చదువు ఇదేనా?" అని గట్టిగా అడిగినారు. ఆయన అడుగుటలో న్యాయము కలదు. కర్మకాలమున గృహస్థుడు కట్టవలసినవి రెండు వస్త్రములు: పంచె, ఉత్తరీయము. రెండును కుట్టులేనివి. వివాహమునను, ఉపనయనమునను, షష్టిపూర్తియందును, శ్రాద్ధమునను పీటలపై కూర్చున్నవానికి లాల్చీయే లేదన్నప్పుడు దానిపై జాకెట్టెక్కడిది? నేను, "అన్నయ్యా, పీటలమీద కాదు. దీక్షబట్టలు మార్చిన తర్వాత, సాయంకాలం వచ్చేవాళ్లను పలకరించేటప్పుడు" అని విన్నవించుకొంటిని. ఆయన కొంతసేపు విసనకఱ్ఱతో విసరుకొని, "అయితే సరే. గుడ్డ ఖద్దరేనా?" అని మాత్రము అడిగిరి.

నా అభిప్రాయములో ఈ వస్త్రమునకు చోటు అదియే. కర్తకు అది వలదు. చూడవచ్చిన చుట్టమునకును, సంక్రాంతికి అల్లుని వెంటబెట్టుకొని ఊరిలో తిరుగు మామగారికిని, నిశ్చయతాంబూలములకు వియ్యాలవారింటికి పోవు పెద్దకును అది తగును. వారికి లాల్చీ, కండువా చాలవా యని మీరడిగిన, చాలును. కాని రొమ్మున జేబు, ఎదుట గుండీలు గల జాకెట్టులో శుభలేఖయు, కండ్లద్దములును, చదివింపుల కవరును పదిలముగా నుండును, కండువా జారిపోవుచుండును. ఈ మాట నేను జేబులోనుండి అద్దములు తీయుచునే చెప్పుచున్నాను.

వైశాఖపుటెండను తలచుకొని నేను పట్టు జోలికి పోలేదు. లాల్చీకి పొందూరు ఖద్దరు తెల్లది. సిక్కోలుసీమలోని ఆ ఊరివారు వాలుగచేప దవడపండ్లతో ప్రత్తిని శుభ్రపరచి సన్నని నూలు వడుకుదురని మీరు వినియేయుందురు. అది సన్ననిది గనుక లాల్చీకి తగినది, జాకెట్టునకు నిలువదు. జాకెట్టునకు నేరేడుపండు రంగుగల దళసరి ఖద్దరు, 36 అంగుళముల పన్నా గలది, రెండున్నర మీటర్లు కొంటిని. నా ఒక్కనికి ఒకటిన్నర మీటరు మీద కొంచెము చాలును. మనుమనికి కూడ మిగులవలెనని అంత తీసికొంటిని. గుడ్డను దర్జీకిచ్చుటకు ముందు రాత్రియంతయు నీటిలో నానబెట్టి, పిండకయే నీడన ఆరవేసితిమి. ఆరిన తరువాత కొలువగా పండ్రెండు సెంటీమీటర్లు కురుచయైనది, అనగా నూటికి ఐదు. నానబెట్టక కుట్టించినచో 27 అంగుళముల జాకెట్టు మొదటి ఉతుకునకు ఒకటింబావు అంగుళము తగ్గి, బొడ్డుకడకు వచ్చియుండెడిది. అస్తరుగుడ్డను కూడ అట్లే తడుపవలయును. లేనిచో పైది నిలిచి, లోపలిది ముడుచుకొని, అంచులు లోనికి తిరుగును. నానిన నీరు ఊదాగా మారినందున రెండవసారి, మూడవసారి నానబెట్టితిమి. తడిపిన తెల్లగుడ్డతో రుద్దిచూచి, రంగు అంటలేదని తెలిసిన తరువాతనే దర్జీకి పంపితిని. చెమటకు రంగు దిగి తెల్లలాల్చీ చంకలు ఊదారంగైన పెద్దమనుష్యుని నేను ఒక పెండ్లిలో చూచియుంటిని.

మా దర్జీ నాయొద్ద నాలుగవ తరగతివరకు చదివినవాడు. వాడు టేపు తీసికొని, "మాష్టారూ, ఆ రోజు వేసుకొనే లాల్చీయే వేసుకొని రండి. దానిమీదే కొలుస్తాను" అన్నాడు. పట్టణపు అంగడిలో జరుగనిది ఇదియే. ఒంటికి 38 గల నా ఛాతీ, లాల్చీమీద 40 వచ్చినది. దానికి రెండంగుళముల వదులు చేర్చి 42 వ్రాసికొన్నాడు. తరువాత వాడు చేసినపని నేను ఊహింపనిది. నన్ను అరుగుమీద బాసికపట్టు వేయించి, పొట్టచుట్టు మరల కొలిచినాడు. నిలుచుండగా 39 ఉన్న పొట్ట కూర్చుండగా 41 అయినది. "మీ ఈడువాళ్లకు కూర్చున్న కొలతే కొలత" అని, పొట్టవద్ద 43 వేసికొన్నాడు. అనగా ఛాతీకన్న పొట్టవద్ద ఎక్కువ. యువకునకు ఇది తారుమారుగా నుండును. నాకు కొంచెము మనసు నొచ్చినను, పప్పులో పడిన గుండీ జ్ఞాపకము వచ్చి ఊరకుంటిని.

పొడవు 27 అంగుళములు పెట్టినాడు. నా లాల్చీ 39 గనుక జాకెట్టు క్రింద పండ్రెండంగుళముల లాల్చీ కనబడును. జాకెట్టు పొడవుగా నుండిన హుందాగా నుండునని కొందరనుకొందురు. నేలమీద కూర్చుండువారికి అది పనికిరాదు. అంచు తొడమీద ఆనిన వెంటనే బట్టయంతయు పైకి నెట్టబడి మెడను పొడుచును. అందుకే రెండుప్రక్కల మూడేసి అంగుళముల చీలికలు పెట్టించితిని. కూర్చుండునప్పుడు అన్నిటికన్న క్రింది గుండీ విప్పుకొనుట కూడ వాడే చెప్పినాడు.

చంకచుట్టు లాల్చీకి 18 అంగుళములుండగా జాకెట్టునకు 20 పెట్టినాడు. భుజము ప్రక్కకొక అరంగుళము లోపలికి తీసినాడు. దానిచేత లాల్చీచేయి జాకెట్టు క్రింద నలుగక స్వేచ్ఛగా బయటికి వచ్చును. మెడపట్టీల విషయమున మాత్రము కొంత వాదము జరిగినది. లాల్చీకి నిలువుపట్టీ, జాకెట్టునకు నిలువుపట్టీ. రెండు గోడలు ఒకే మెడచుట్టు. రెండును సమానమైన ఎత్తుగలవైనచో ఒకదానినొకటి ఒరసికొని దురదపెట్టును. లాల్చీపట్టీ ఒకటిన్నర అంగుళము, లోపల గట్టిగుడ్డ లేకుండ; జాకెట్టుపట్టీ ఒకటింబావు, చుట్టుకొలత లాల్చీపట్టీకన్న అరంగుళము ఎక్కువ, అని తుదకు నిశ్చయించితిమి. అప్పుడు లాల్చీపట్టీ పావంగుళము పైకి తెల్లగీతవలె కనబడును. అది అందమునకు మాత్రమే కాదు: మెడచెమట దానికే తగులును. లాల్చీని నాడే ఉతుకవచ్చును, జాకెట్టును మాటిమాటికి ఉతుకనక్కరలేదు. లోపల నిలుపుగుడ్డను వాడు దారముతోనే కుట్టినాడు. అస్తరు ముందుభాగమునకును, వీపున భుజములక్రింది జానెడు మేరకును మాత్రము నూలుది వేసినాడు. తక్కిన వీపు ఒంటిపొరయే. ఎండకాలమున ఆ తేడా ఎంతటిదో తొడిగినవారికి తెలియును.

కుట్టిన తరువాత అన్ని గుండీలు పెట్టించి, నన్ను రెండుచేతులును అక్షతలు వేయునట్లు ముందుకు చాపుమన్నాడు. గుండీలనుండి కిరణములవలె ప్రక్కలకు ముడుతలు పోయినచో ఛాతీ ఇరుకని అర్థమట. పోలేదు. తలవంచి నమస్కరింపుమన్నాడు. మెడపట్టీ వెనుక అంగుళమంత ఎడమై నిలిచినది. వీపు కురుచయైనదన్నమాట. దానిని వాడు భుజపుకుట్టు విప్పి పావంగుళము వదలి సరిచేసినాడు. విప్పుటకు కుట్టులో గుడ్డ ఉంచినందుననే అది సాధ్యమైనది. కొనిన జాకెట్టులో ఆ మిగులు దొరకదు.

షష్టిపూర్తినాటి ఉదయము పంచె, ఉత్తరీయములతో హోమము, కలశాభిషేకము ముగిసినవి. సాయంకాలము నేరేడురంగు జాకెట్టు తొడిగితిని. క్రొత్తబట్టకు పసుపు పెట్టక తప్పదు గనుక నా భార్య లోపలి అస్తరు అంచున పెట్టినది. అక్షతలు వేయువారందరును వేసిరి. ముదురురంగుమీద చుక్కలు కానరాలేదు. లాల్చీచేతులమీద పడిన నాలుగు చుక్కలను సబ్బు తాకింపక చన్నీటితో జాడించి రెండుదినములు ఎండలో వేయగా వెలిసిపోయినవి. పసుపురంగు ఎండకు నిలువదు. పన్నీరు చల్లుటకు వచ్చిన పిల్లవానిని చూచి పట్టుజాకెట్టు తొడిగిన మా వియ్యంకులు రెండడుగులు వెనుకకు వేసిరి. పట్టుమీద నీటిచుక్క ఆరిన పిదప వలయముగా మచ్చ నిలుచును. నేను కదలలేదు.

మా అన్నగారు నా మెడపట్టీని వ్రేలితో ఒకసారి తడవి చూచి, ఏమియు అనక తాంబూలము పుచ్చుకొన్నారు.

మిగిలిన గుడ్డతో దర్జీ మనుమనికి ఒక జాకెట్టు కుట్టినాడు. పెరుగు పిల్లవాడు గనుక ప్రక్కలయందు అంగుళమేసి గుడ్డ లోపల మడిచి ఉంచినాడు. వాడు దానిని ఉగాదికి, వినాయకచవితికి తొడుగుచున్నాడు. మొన్నటి దీపావళినాడు మతాబులపొట్లము విప్పుటకు ముందు వాడే జాకెట్టు విప్పి చిలుకకొయ్యకు తగిలించి, నా వంక చూచి, "తాతయ్యా, నీది కూడా" అన్నాడు. నేను లేచి గుండీలు విప్పుకొంటిని.